ఆపేసిన టీవీ, ఖాళీ ఛార్జర్లు: ఏడాదికి నిజంగా ఎన్ని యూనిట్లు?

మేడమీద_పిచ్చుక:
ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గుకే ఉండిపోయే వస్తువులు ఏడాదికి ఎంత కరెంటు తాగుతున్నాయో తేల్చుకుందామని కూర్చున్నాను. నా దగ్గర క్లాంప్ మీటర్ ఉంది. ఇంత చిన్న కరెంటు దానికి సరిగ్గా కనబడదు కాబట్టి, ఒక పాత ఎక్స్‌టెన్షన్ వైరు పై తొడుగు తీసి, లోపలి ఫేజ్ తీగ ఒక్కదాన్నే క్లాంప్ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించాను.

టీవీని రిమోట్‌తో ఆపేశాక, ఎర్ర లైటు వెలుగుతుండగా 0.06 ఆంపియర్ చూపింది. లాప్‌టాప్ తగిలించని ఒట్టి ఛార్జర్ 0.03. ఫోన్ ఛార్జర్లకు అంకె కదల్లేదు. 230 వోల్టులతో గుణిస్తే టీవీ దాదాపు 14 వాట్లు, లాప్‌టాప్ ఛార్జర్ 7 వాట్లు. ఏడాదికి 8,760 గంటలు కదా, రెండూ కలిపి 180 యూనిట్లు దాటుతోంది! ఆపేసిన టీవీకి, ఖాళీ ఛార్జర్‌కి ఇంతా? ఎవరైనా లెక్క సరిచూడండి.

పాతరేడియో:
లెక్క సరిగ్గానే ఉంది. ఇళ్లలో వాడే కరెంటులో 10 శాతం దాకా ఇలా స్టాండ్‌బైలోనే పోతుందని ఎప్పటినుంచో చెబుతున్నారు. అందుకే మా ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ అవ్వగానే ఛార్జర్ పీకేయాలని రూల్. ఛార్జర్లే అసలు దొంగలు.

నిద్రపట్టని_నాని:
నాదీ ఇదే డౌటు. రాత్రంతా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటాను. బ్యాటరీ పాడవుతుందా?

రాత్రిబండి:
నానీ, ఇక్కడ మాట్లాడుతున్నది ఫోన్ లేని ఛార్జర్ గురించి. బ్యాటరీ సంగతికి వేరే చర్చ మొదలుపెట్టు, లేకపోతే ఇది పక్కదారి పడుతుంది.

పిచ్చుక గారూ, తొడుగు తీసిన ఆ వైరును పని అవ్వగానే పారేయండి. పిల్లలున్న ఇంట్లో అది ఒక్క నిమిషం కూడా ఉండకూడదు.

సోల్డర్_సుబ్బులు:
టీవీల పవర్ బోర్డులు బాగుచేయడం నా పని. అందుకే ఆ 14 వాట్ల అంకె చూసి ఆగలేకపోయాను.

మీ ఆంపియర్లు నిజమే, వోల్టులు నిజమే, గుణకారమూ నిజమే. వచ్చినవి మాత్రం వాట్లు కావు, వోల్ట్-ఆంపియర్లు. టీవీ పవర్ బోర్డు మూత తీస్తే కరెంటు లోపలికి వచ్చేచోటే, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పసుపుపచ్చ చదరపు డబ్బా లాంటి కెపాసిటర్ ఒకటో రెండో కనిపిస్తాయి. బోర్డులో పుట్టే ఎలక్ట్రికల్ రొద బయటి వైర్లలోకి పోకుండా ఆపడానికి పెడతారు. టీవీని రిమోట్‌తో ఆపినా వాటికి కరెంటు తగులుతూనే ఉంటుంది. అవి ప్రతి సైకిల్‌లోనూ కొంత కరెంటు తీసుకుని, మళ్లీ తిరిగి లైన్లోకి ఇచ్చేస్తుంటాయి. క్లాంప్ మీటర్‌కి రానూపోనూ రెండూ కరెంటే. ఇంటి మీటర్‌కి మాత్రం వెళ్లింది వచ్చేసింది, చెల్లుకు చెల్లు.

అంకెల్లో చూడండి. 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టుల దగ్గర, 50 హెర్ట్జ్‌లో 0.034 ఆంపియర్ లాగుతుంది. అలాంటివి రెండు ఉంటే మీకు కనబడిన 0.06 అక్కడే వచ్చేసింది. అందులో వేడిగా మారి నిజంగా ఖర్చయ్యేది నలుసంత. లాప్‌టాప్ ఛార్జర్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంటుంది. చిన్న ఫోన్ ఛార్జర్లలో అది లేకపోవడమో, మరీ చిన్నది కావడమో జరుగుతుంది. అందుకే మీ మీటర్ కదల్లేదు.

ఇది మీటర్ లేకుండా కూడా పట్టుకోవచ్చు. 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్ పూర్తి లోడు మీద పనిచేసేటప్పుడు లోపల వేడిగా పోయేది 7, 8 వాట్లు ఉంటుంది. అప్పుడు దాని మీద చెయ్యి వేస్తే ఎలా కాలుతుందో మీకు తెలుసు. ఒట్టి ఛార్జర్ నిజంగా 7 వాట్లు తాగుతుంటే అదీ అలాగే కాలాలి, ఆ కరెంటు పోవడానికి వేడి తప్ప ఇంకో దారి లేదు. ఇప్పుడే వెళ్లి ముట్టుకుని చెప్పండి.

మేడమీద_పిచ్చుక:
ముట్టుకున్నాను. నిన్నటి నుంచీ ప్లగ్గులోనే ఉంది, గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే. టీవీ వెనక కూడా వేడి ఏమీ లేదు. అయితే టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్స్ మాత్రం గోరువెచ్చగా ఉంది! దాన్నీ రాత్రే రిమోట్‌తో ఆపేశాం.

సోల్డర్_సుబ్బులు:
దొరికింది. మీరు కొలవకుండా వదిలేసింది అదొక్కటే కదూ?

క్లాంప్ పక్కన పెట్టేయండి. సాకెట్‌లో గుచ్చి, దానిలో వస్తువు ప్లగ్గు పెట్టే చిన్న వాట్ మీటర్లు దొరుకుతాయి. W అనీ, VA అనీ రెండు అంకెలూ విడివిడిగా చూపేది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మీకు కావలసింది W.

పాతరేడియో:
సుబ్బులు గారూ, కానీ ఫ్యాక్టరీలకు పవర్ ఫ్యాక్టర్ తగ్గితే జరిమానా వేస్తారు కదా? మా తమ్ముడు పనిచేసేచోట దానికోసం కెపాసిటర్ బ్యాంకు కూడా పెట్టారు. మరి ఆ వోల్ట్-ఆంపియర్లు ఊరికే పోవడం ఎలా?

సోల్డర్_సుబ్బులు:
ఫ్యాక్టరీ సంగతి నిజమే. ఆ రానూపోనూ కరెంటు కూడా వైర్లనీ ట్రాన్స్‌ఫార్మర్లనీ వేడెక్కిస్తుంది, కాబట్టి పెద్ద కనెక్షన్ల దగ్గర దానికీ డబ్బు కట్టిస్తారు. ఇళ్ల బిల్లు సాధారణంగా కిలోవాట్-అవర్ల మీదే. మీ బిల్లు తీసి, వాడకం గడిలో kWh అని ఉందో kVAh అని ఉందో చూడండి. kWh ఉంటే ఆ 14 వోల్ట్-ఆంపియర్ల గురించి మీరు దిగులుపడక్కర్లేదు.

మీరు చెప్పిన 10 శాతం గాల్లోంచి వచ్చింది కాదు. అభివృద్ధి చెందిన దేశాల ఇళ్లలో స్టాండ్‌బై వాటా 5 నుంచి 10 శాతం అని అంచనాలు వేశారు. కానీ అది ఇంట్లో ఆపేసి ఉన్న సామానంతా కలిపి, ఛార్జర్ల వాటా కాదు. పైగా ఆ మాట పాతుకుపోయిన రోజుల్లో రిమోట్‌తో ఆపిన టీవీయే చాలా వాట్లు లాగేది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు చెందిన అలన్ మైయర్ 1998లో ‘ఏ వస్తువైనా స్టాండ్‌బైలో ఒక వాట్ దాటకూడదు’ అని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని భుజానికెత్తుకుంది. యూరప్‌లో 2010 నుంచి ఒక వాట్, 2013 నుంచి అర వాట్ చట్టమే అయింది. ప్రపంచమంతా అమ్మే టీవీల్లో పవర్ బోర్డులు దాదాపు ఒకటే కాబట్టి ఆ మార్పు అందరి ఇళ్లకూ వచ్చింది.

కమలిని:
మా టీవీ కొని మూడేళ్లే అయింది. మరి నా వాట్ మీటర్లో ఆపేశాక కూడా 15 వాట్లు చూపిస్తోందేం? VA కాదు, W అనే చూశాను. అర వాట్ చట్టం మా టీవీకి తెలియదేమో.

రాత్రిబండి:
ఆపిన వెంటనే చూశారా? చాలా టీవీలు స్క్రీన్ ఆరిపోయాక కూడా కొన్ని నిమిషాలు లోపల మెలకువగానే ఉంటాయి. అప్‌డేట్లు ఏమైనా ఉన్నాయా అని చూసుకుంటాయి, మళ్లీ ఆన్ చేస్తారేమో అని ఆగుతాయి. అరగంట తర్వాత చూడండి.

కమలిని:
రెండు గంటల తర్వాత కూడా 15. కదలట్లేదు.

సోల్డర్_సుబ్బులు:
అమ్మా, సెట్టింగుల్లో జనరల్ దగ్గరో పవర్ దగ్గరో క్విక్ స్టార్ట్ అనో, ఫాస్ట్ స్టార్ట్ అనో, ఇన్‌స్టంట్ ఆన్ అనో ఒకటి ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది ఆన్‌లో ఉంటే టీవీ నిజంగా పడుకోదు. ప్రాసెసర్, మెమరీ మెలకువగా ఉంటాయి, ఆరేది స్క్రీన్ ఒక్కటే. బటన్ నొక్కగానే బొమ్మ రావడానికి అదే కారణం.

దాన్ని ఆపి, టీవీని ఒకసారి ఆన్ చేసి మళ్లీ ఆపి, ఓ అరగంట ఆగి మీటర్ చూడండి.

కమలిని:
0.4! కొన్నిసార్లు 0.0 అని కూడా చూపిస్తోంది. ఆన్ చేస్తే బొమ్మ రావడానికి మాత్రం పన్నెండు సెకన్లు పడుతోంది, మా అత్తయ్య ‘టీవీ పాడైందా’ అని అప్పుడే అడిగేసింది.

లెక్కలమాస్టారు:
కమలిని గారి లెక్క చూద్దాం. రోజుకు ఐదు గంటలు టీవీ చూస్తారనుకుంటే ఆపేసి ఉండేది 19 గంటలు, అంటే ఏడాదికి 6,935 గంటలు. 15 వాట్ల దగ్గర అది 104 యూనిట్లు. 0.4 వాట్ల దగ్గర 3 యూనిట్ల కన్నా తక్కువ. మెనూలో ఒక్క గడి మార్చినందుకు ఏడాదికి 101 యూనిట్లు మిగిలాయి. ఇంట్లో ఛార్జర్లన్నీ పీకి అటకెక్కించినా ఇందులో పదో వంతు కూడా రాదు.

గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు: ఏడాది పొడవునా ఆగకుండా నడిచే ఒక్కో వాట్‌కి పావు తక్కువ తొమ్మిది యూనిట్లు. సరిగ్గా చెప్పాలంటే 8.76.

మేడమీద_పిచ్చుక:
వాట్ మీటర్ దొరికింది. నిన్నా ఇవాళా ఇల్లంతా తిరిగాను. మా టీవీలో క్విక్ స్టార్ట్ ముందే ఆపేసి ఉంది, ఆపిన అరగంట తర్వాత 0.4 వాట్లు. సెట్‌టాప్ బాక్స్ ఆన్‌లో 13 వాట్లు, రిమోట్‌తో ఆపితే 11! ఆపడం అంటే ముందున్న లైటు రంగు మారడం తప్ప ఇంకేమీ లేదన్నమాట. టీవీ కింద ఉండే స్పీకర్ బార్ 2.5. కార్డ్‌లెస్ ఫోన్ బేస్ తాలూకు అడాప్టర్ ఒకటి ఉంది, బాగా పాతది, బరువుగా ఉంటుంది. బేస్ తీసేసి ఏళ్లవుతోంది, ఇది మాత్రం బీరువా వెనక సాకెట్లో ఉండిపోయింది. అది 1.8 వాట్లు. ముట్టుకుంటే వెచ్చగానూ ఉంది.

ఫోన్ ఛార్జర్ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే సున్నానే. అది నమ్మొచ్చా?

సోల్డర్_సుబ్బులు:
ఆ సున్నాను నమ్మకండి. చవక వాట్ మీటర్లు ఒక వాట్ కిందికి దిగాక తికమకపడతాయి, కమలిని గారికి 0.4, 0.0 మారుతూ కనబడింది అందుకే. ఐదారు ఛార్జర్లు ఒకే స్విచ్ బోర్డుకి గుచ్చి, ఆ బోర్డును మీటర్‌కి పెట్టండి. ముందు ఖాళీ బోర్డు ఎంత చూపుతుందో రాసుకుని అందులోంచి తీసేయండి. బోర్డు మీద ఎర్రగా వెలిగే చిన్న లైటు కూడా 0.2 దాకా తాగుతుంది. అదే మరిచిపోయి ‘ఛార్జర్ 0.3 తాగుతోంది’ అనేవాళ్లను చూశాను.

బరువుగా ఉన్న ఆ అడాప్టర్ లోపల ఉన్నది ఇనప రేకుల ట్రాన్స్‌ఫార్మర్. దానికి లోడు ఉన్నా లేకపోయినా ఇనుములో అయస్కాంతం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, ఆ నష్టం వేడిగా వస్తుంది. ఇప్పటి తేలిక ఛార్జర్లు అలా కాదు. లోడు లేకపోతే లోపలి స్విచ్చింగ్ చాలావరకు ఆగి, మధ్యమధ్యలో ఒక్కసారి కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటాయి. చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది: బరువుంటే పాతది, పీకేయాల్సింది అదే.

పాతరేడియో:
సరే, నేనూ ఒక పరీక్ష చేశాను. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి నాలుగు ఫోన్ ఛార్జర్లు మాత్రం ఉంచాను. ఇంటి మీటర్ మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటు అరగంట చూశాను, ఒక్కసారీ మినకలేదు. కాబట్టి ఛార్జర్లకు అసలు ఖర్చే లేదు. నా రూల్ రద్దు చేశాను.

లెక్కలమాస్టారు:
రద్దు చేస్తే చేశారు కానీ ఆ పరీక్ష ఏమీ రుజువు చేయదు. మీ మీటర్ మీద 3200 imp/kWh అని ఉందనుకుందాం. అంటే ఒక యూనిట్‌కి 3,200 మినుకులు. సూత్రం ఇది, t అంటే రెండు మినుకుల మధ్య సెకన్లు:

```
W = 3600000 / (3200 × t)
```

పై అంకెను 3,200 తో భాగిస్తే 1125 వస్తుంది. అంటే 1125ను సెకన్లతో భాగిస్తే వాట్లు. నాలుగు ఛార్జర్లూ కలిపి 0.4 వాట్లు అనుకుంటే ఒక్క మినుకు రావడానికి 47 నిమిషాలు పడుతుంది. మీరు అరగంటకే లేచిపోయారు.

సోల్డర్_సుబ్బులు:
47 నిమిషాలు కూర్చున్నా వచ్చేది కాదు. ప్రతి మీటర్‌కీ మొదలయ్యే కరెంటు అని ఒకటి ఉంటుంది, అంతకన్నా తక్కువ లోడును అది లెక్కపెట్టనే పెట్టదు. మామూలు ఇంటి మీటర్లలో అది కొన్ని వాట్ల దగ్గర ఉంటుంది.

పాతరేడియో:
మరి అదే కదా నేనన్నది! మీటర్ లెక్కపెట్టకపోతే నాకు ఉచితమే.

సోల్డర్_సుబ్బులు:
ఇంట్లో ఇంకేమీ నడవనప్పుడు మాత్రమే ఉచితం. ఫ్రిజ్, రూటర్, ఒక లైటు నడుస్తుంటే మీటర్ అప్పటికే తిరుగుతోంది. దానికి ఛార్జర్ల 0.4 కూడా కలిసిపోతుంది. ఇల్లు మొత్తం చీకటి చేసుకుని ఛార్జర్లు మాత్రం ఉంచుకుంటారా?

రాత్రిబండి:
పిచ్చుక గారూ, ఆ మినుకుల లెక్క మీరూ చేయండి. వాట్ మీటర్‌తో విడివిడిగా కొలిచింది, ఇంటి మీటర్ చెప్పేది దగ్గరగా వస్తే ఏదీ మరిచిపోలేదని నమ్మకం కలుగుతుంది. ఫ్రిజ్, రూటర్ ఆపేసి చూడండి, రూటర్ స్టాండ్‌బై కాదు కదా, అది పనిచేస్తూనే ఉంటుంది.

మేడమీద_పిచ్చుక:
చేశాను. ముందు కొలిచినవి: టీవీ 0.4, బాక్స్ 11, స్పీకర్ బార్ 2.5, పాత అడాప్టర్ 1.8, బోర్డు లైటు తీసేశాక ఐదు ఫోన్ ఛార్జర్లూ కలిపి 0.4, లాప్‌టాప్ ఛార్జర్ 0.3. మొత్తం 16.4 వాట్లు.

మా మీటర్ కూడా 3200దే. పది మినుకులకు 620 సెకన్లు పట్టింది, అంటే 18 వాట్లు పైమాటే. దాదాపు 1.7 తేడా. వెతగ్గా వెతగ్గా వంటింట్లో మైక్రోవేవ్ ముందు గడియారం వెలుగుతూ కనబడింది. దాన్ని పీకితే పది మినుకులు 655 సెకన్లయ్యాయి, 17.2 వాట్లు. ఇంకా 0.8 ఎక్కడో ఉంది. గోడ స్విచ్‌ల మీద లైట్లేమో.

సోల్డర్_సుబ్బులు:
ఉండొచ్చు. కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అదీ అంతే లాగుతుంది. లేదా మీ వాట్ మీటర్ చిన్న అంకెల దగ్గర తక్కువ చూపుతోంది. ఈ 0.8 కోసం గోడలు తవ్వకండి.

లెక్కలమాస్టారు:
ఇప్పుడు ఏడాది లెక్క. బాక్స్, టీవీ, స్పీకర్ రోజుకు 19 గంటలు ఆపేసి ఉంటాయనీ, ఛార్జర్లు 18 గంటలు ఖాళీగా ఉంటాయనీ అనుకున్నాను. బాక్స్ 76 యూనిట్లు. స్పీకర్ 17. పాత అడాప్టర్ ఏడాదంతా ఉంది కాబట్టి దాదాపు 16. మైక్రోవేవ్ గడియారం 8. ఇక మన కథానాయకులు: టీవీ 3 కన్నా కాస్త తక్కువ, ఫోన్ ఛార్జర్లు ఐదూ కలిపి 3, లాప్‌టాప్ ఛార్జర్ 2 లోపు. మొత్తం 125 యూనిట్లు. మొదటి పోస్టులో 180 యూనిట్లు తాగుతాయన్న టీవీ, లాప్‌టాప్ ఛార్జర్ కలిపితే ఐదు కూడా లేవు. అసలు లెక్కలోనే లేని బాక్స్ ఒక్కటే సగానికి పైన తినేస్తోంది.

డబ్బులోకి మార్చేటప్పుడు చాలామంది మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, ఆ సగటుతో గుణిస్తారు. అలా చేయకండి. బిల్లులో స్థిర చార్జీలు ఉంటాయి, అవి ఒక్క యూనిట్ తగ్గినా తగ్గవు. వాడకం పెరిగే కొద్దీ ధర పెరిగే స్లాబులు ఉంటే, మీరు తగ్గించే యూనిట్లు పై స్లాబులోంచి తగ్గుతాయి, కాబట్టి ఆ పై ధరతోనే గుణించాలి. స్లాబు హద్దుకు కాస్త అటుగా ఉన్న ఇంట్లో నెలకు పది యూనిట్లు తగ్గితే హద్దు ఇవతలికి వచ్చేయొచ్చు, అప్పుడు కొన్ని పద్ధతుల్లో తేడా ఇంకా పెద్దగా కనబడుతుంది.

కమలిని:
125 యూనిట్లంటే ఎంత పెద్ద విషయం? నాకు అంకె చూస్తే తెలియదు.

లెక్కలమాస్టారు:
వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను ఆపకుండా 125 గంటలు వేడి చేసినంత.

మేడమీద_పిచ్చుక:
పాత అడాప్టర్ పీకేశాను, అది అడగాల్సిన పని లేదు. బాక్స్ సంగతి చెప్పండి. ప్రతి రాత్రీ గోడ దగ్గర స్విచ్ ఆపేయనా?

రాత్రిబండి:
నేను అలా చేసి విసిగిపోయాను. పొద్దున్న ఆన్ చేస్తే మొదటినుంచి లోడవుతుంది, ఛానళ్ల జాబితా మళ్లీ తెచ్చుకుంటుంది, రాత్రి రికార్డింగ్ పెట్టుకుంటే పోతుంది. ముందు సెట్టింగుల్లో చూడండి. చాలా బాక్సుల్లో పవర్ సేవింగ్ అనో డీప్ స్టాండ్‌బై అనో ఉంటుంది, కొన్నిట్లో ‘ఎకో’ అని ఉంటుంది. నాది పెట్టాక 11 నుంచి ఒక వాట్ లోపలికి పడింది.

పాతరేడియో:
మా బాక్స్‌లో ఆ సెట్టింగే లేదు. నేను టీవీ, బాక్స్, స్పీకర్ ఒకే బోర్డుకి పెట్టి ఆ బోర్డు స్విచ్ ఒక్కటే ఆపుతాను. అన్నీ ఒకేసారి పోతాయి.

కమలిని:
మా టీవీ ఓఎల్‌ఈడీ. రోజూ గోడ దగ్గర ఆపితే పాడవుతుందని కొన్నచోట చెప్పారు. నిజమా, లేక ఊరికే బెదిరించారా?

సోల్డర్_సుబ్బులు:
అందులో నిజం ఉంది. ఓఎల్‌ఈడీ ప్యానెల్ కొన్ని గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు లోపల పిక్సెళ్లను సరిచేసుకునే పని ఒకటి చేసుకుంటుంది. ఆ కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉన్నా టీవీకి కరెంటు కావాలి. వెంటనే గోడ స్విచ్ ఆపేస్తే ఆ పని మధ్యలో పోతుంది, ఎప్పుడూ అలాగే చేస్తే స్క్రీన్ మీద మచ్చలు త్వరగా కనబడొచ్చు. 0.4 వాట్ల కోసం ఓఎల్‌ఈడీని గోడ దగ్గర ఆపడం నాకు అర్థం లేని పని. మీ బాక్స్‌నీ స్పీకర్‌నీ వేరే బోర్డుకి పెట్టి అవి మాత్రం ఆపుకోండి.

పాతరేడియో:
మరి మామూలు ఎల్‌ఈడీ టీవీలను రోజూ స్విచ్ వేసి తీస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా దూకి పవర్ బోర్డు పోతుంది అంటారు.

సోల్డర్_సుబ్బులు:
నా టేబుల్ మీదికి వచ్చే బోర్డుల్లో ఎక్కువ పిడుగులకు, వోల్టేజ్ ఎగుడుదిగుళ్లకు పోయినవే. గోడ దగ్గర ఆపిన టీవీకి ఆ బెడద కాస్త తక్కువ, ప్లగ్గు పూర్తిగా పీకితే ఇంకా తక్కువ.

రాత్రిబండి:
నేను ఒప్పుకోను. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి పెద్ద కెపాసిటర్ ఖాళీ నుంచి నిండాలి, ఆ దెబ్బ మొదట తగిలేది స్విచ్‌కీ లోపలి ఫ్యూజ్‌కీ. మా స్విచ్ బోర్డులో ఒక స్విచ్ నల్లగా మాడిపోయింది కూడా.

సోల్డర్_సుబ్బులు:
మీ స్విచ్ నాసిరకందేమో. ఇద్దరం లెక్కలు రాసుకున్నవాళ్లం కాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

మేడమీద_పిచ్చుక:
బాక్స్ మెనూలో డీప్ స్టాండ్‌బై దొరికింది, పెట్టాను. ఇప్పుడు 0.5 వాట్లు. ఉదయం బొమ్మ రావడానికి నిమిషం పైనే పడుతోంది కానీ ఇంట్లో ఎవరూ గొడవ పెట్టలేదు. చెయ్యి పెడితే చల్లగా ఉంది.

స్పీకర్ బార్ మాత్రం అర్థం కావట్లేదు. రిమోట్‌తో ఆపినా 2.5 దగ్గరే ఉంది. సెట్టింగుల్లో ఏమీ లేదు.

సోల్డర్_సుబ్బులు:
అది టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలిసి ఉందా? టీవీ ఆన్ అవగానే అదీ ఆన్ అవ్వడానికి, ఫోన్ నుంచి బ్లూటూత్‌తో తట్టి లేపడానికి చెవులు తెరిచి ఉంచుకుంటుంది. వైర్‌లెస్ బాస్ స్పీకర్ ఉంటే దాన్నీ కొలవండి, దానికి వేరే ప్లగ్గు ఉంటుంది, అందరూ మరిచిపోతారు. నెట్‌వర్క్‌కి కలిసి ఉండే వస్తువులకు యూరప్ చట్టం కూడా అర వాట్ అనలేదు, 2 వాట్ల దాకా వదిలింది.

మేడమీద_పిచ్చుక:
బాస్ స్పీకర్! సోఫా వెనక ఉంది. దాని ప్లగ్గు సంగతే గుర్తులేదు. కొలిచాను, 0.7.

లెక్కలమాస్టారు:
అయితే మీ కనబడని 0.8 దొరికినట్టే, మిగిలింది 0.1.

కమలిని:
ఒక్క మాట. మా టీవీ నిన్న రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుంది. ఇవాళ బొమ్మ టక్కున వచ్చేసరికి అత్తయ్య సంతోషించింది. నాకు అనుమానం వచ్చి చూస్తే క్విక్ స్టార్ట్ మళ్లీ ఆన్‌లో ఉంది, మీటర్ 15. ఇంకెవరికైనా ఇలా అయిందా?

రాత్రిబండి:
మా బాక్స్‌కి అయింది. అప్‌డేట్ తర్వాత డీప్ స్టాండ్‌బై పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు, ఏదో వెతుక్కుంటూ బాక్స్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది.